మా బోర్డు మీద నుంచి "కూడా" అనే మాట తీసేయడానికి నాలుగు నెలలు పట్టింది

మా గేటుకి పాత బోర్డు ఒకటి ఉండేది. పైన పెద్ద అక్షరాల్లో నా కూచిపూడి క్లాసు పేరు, "నాట్య నిలయం" అని ముగిసేది. దాని కింద, గేటు దగ్గరికి వస్తే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో "ఇచ్చట సినిమా డాన్స్ కూడా నేర్పబడును" అని రాసుండేది. పై పేరు పన్నెండేళ్ళ కిందటిది. కింది లైను మా తమ్ముడు వచ్చాక నేను చేర్పించింది.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. హైదరాబాదులో సినిమాలకు గ్రూపు డాన్సర్‌గా చేసి, తర్వాత డాన్స్ మాస్టర్ల దగ్గర అసిస్టెంటుగా ఉండి, పిన్నికి ఒంట్లో బాగోలేక విశాఖ వచ్చేశాడు. ఎంవీపీ కాలనీలో మా మేడ మీద హాలు సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా నాది, ఆరున్నర నుంచి ఎనిమిది దాకా వాడిది. ఏడాది తిరిగేసరికి నా దగ్గర 34 మంది, వాడి దగ్గర 21 మంది అయ్యారు. ఇద్దరం కలిపి ఒకే అకాడమీగా పెట్టుకుందామని అప్పుడే అనుకున్నాం. పేరు గురించి మాత్రం నేను పెద్దగా ఆలోచించలేదు. ఉన్న పేరే ఉంటుందనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం మత్స్యకారులుండే పెదజాలారిపేట నుంచి ఒకాయన కొడుకుని తీసుకొచ్చి గేటు బయట నిలబడ్డాడు. పదేళ్ళ కుర్రాడు. "ఇక్కడ సినిమా డాన్సు నేర్పుతారేటండీ?" అన్నాడు. నేర్పుతామండీ, బోర్డు మీద రాసుంది కదా అన్నాను. ఆయన బోర్డు వంక చూసి, "ఉందండీ, చూశాను. పైన పేరు చూసి మాలాంటోళ్ళకి కాదేమో అనుకుని మొన్న రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయాం" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పేరు నేను ఎంతో ఇష్టంగా పెట్టుకున్నది. అది ఎవరినో గేటు దగ్గరే ఆపేస్తుందని పన్నెండేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. కింద రాసిన ఆ "కూడా" అనే మాట ఇంకా గుచ్చుకుంది. అన్నం పెట్టి, మిగిలితే నీకూ కూడా అన్నట్టు ఉంది.

వెంటనే రెండో తప్పు చేశాను. వేసవి క్యాంపు ఫ్లెక్సీ మీద "డాన్స్ స్టూడియో" అని వేయించాను. రంగులు, మెరుపులు, గెంతుతున్న బొమ్మ. వాడి బ్యాచ్‌కి ఫోన్లు బాగా వచ్చాయి. కానీ నా దగ్గర మూడేళ్ళుగా నేర్చుకుంటున్న అమ్మాయి తల్లి వచ్చి, "టీచర్, పాప రేపు సర్టిఫికెట్ పరీక్షకి కట్టేటప్పుడు ఎక్కడ నేర్చుకున్నావంటే ఇదే చెప్పాలా?" అని మెల్లగా అడిగారు. ఆవిడ గొంతులో కోపం లేదు, దిగులు ఉంది. తర్వాతి నెల ఇద్దరు పిల్లలు మానేశారు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు.

అప్పుడు కూర్చున్నాం, నేనూ తమ్ముడూ ఒక నోట్‌బుక్కుతో. మొదటి వారంలో 40 పేర్లు రాసి ఉంటాం. వాటిని చూస్తే మొత్తం రెండు గుంపులే. నాట్య, నృత్య, కళా, క్షేత్రం, నిలయం, అంజలి, మంజరి ఒక వైపు. స్టెప్స్, బీట్స్, మూవ్స్, స్టూడియో రెండో వైపు. మొదటి గుంపులో ఏ పేరు పెట్టినా వాడి పిల్లలు చుట్టాలింటికి వచ్చినట్టు ఉంటారు. రెండో గుంపులో ఏది పెట్టినా నా పిల్లలు అలా ఉంటారు. ఒక్కో గుంపు నుంచి ఒక్కో ముక్క తీసి అతికించడం కూడా చేశాం. సంస్కృతం మాట ముందు, ఇంగ్లీషు మాట వెనక. అలా అతికించిన పేర్లలో ముందున్న మాట యజమానిగా, వెనకున్నది అద్దెకున్నట్టుగా వినిపించింది. తిరగేసి రాస్తే అదే ఇబ్బంది రెండో వైపు నుంచి.

దేవుడి పేర్లు కూడా తొందరగానే పక్కన పెట్టేశాం. నటరాజస్వామికి దండం పెట్టకుండా నేను క్లాసు మొదలుపెట్టను, అది నా నమ్మకం. కానీ వాడి బ్యాచ్‌లో ముస్లిం, క్రైస్తవ ఇళ్ళ పిల్లలున్నారు, నా బ్యాచ్‌లోనూ ఇద్దరున్నారు. పూజ హాల్లో నాది, బోర్డు అందరిది అనుకున్నాను.

"గజ్జె" అనే మాట నాకు చాలా నచ్చింది. తమ్ముడు ఒప్పుకోలేదు. "అక్కా, నా పిల్లలు షూ వేసుకుని చేస్తారు. గజ్జె కట్టుకునేది మీ వాళ్ళే కదా" అన్నాడు. నిజమే. పైగా ఇక్కడ నేవీ వాళ్ళు, స్టీల్ ప్లాంటు వాళ్ళు, ఒడియా, బెంగాలీ, హిందీ కుటుంబాలు చాలా ఉన్నాయి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా తప్పు లేకుండా చదవగలగాలి. గజ్జెను ఇంగ్లీషులో రాస్తే చివరి అక్షరాన్ని "జ్జి" అని చదివేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఆ చర్మరోగం పేరు మా బోర్డు మీద ఎవరూ చదవకూడదు.

రెండు బ్యాచ్‌లకీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలని మాకు తట్టింది ఒక శనివారం. ఆ రోజు నా క్లాసు ఆలస్యమైంది. నేను తట్టుకర్రతో ఆది తాళం వేస్తున్నాను. తమ్ముడి పిల్లలు అప్పటికే వచ్చి గోడ వారగా నిలబడ్డారు. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. చేత్తో వేసేటప్పుడు అరచేత్తో ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, అవి నాలుగు. తర్వాత దెబ్బ, తిప్పడం, మళ్ళీ దెబ్బ, తిప్పడం, అవి నాలుగు. వాడి పిల్లల్లో ఒకడు నా చేతిని చూస్తూ లోపల్లోపల "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అనుకుంటూ సరిగ్గా నా తాళం ఆవర్తనం మొదట్లో అడుగు వేశాడు. సినిమా డాన్స్‌లో కూడా లెక్క ఎనిమిదే. నేను కర్ర ఆపలేదు. తమ్ముడు వాళ్ళని లైన్లోకి పిలిచాడు. నా పిల్లలు తకధిమి తకఝణు అని నోటితో చెప్తూ ఉంటే వాడి పిల్లలు దాని మీద తమ స్టెప్పు వేశారు. పది నిమిషాలు అలా సాగింది.

ఆ రాత్రి నోట్‌బుక్కులో "ఎనిమిది" అని రాశాం. పేరు దొరికేసిందనుకున్నాం. రెండు రోజుల తర్వాత నాకే అనుమానం వచ్చింది. ఎనిమిది అన్నింటికీ సరిపోదు. నా దగ్గర తాళాల్లో మిశ్ర చాపు ఏడు, ఖండ చాపు అయిదు. వాడి దగ్గరా అంతే, తీన్‌మార్ దరువు మీద చేసే పాటలు తిస్రం నడకలో పోతాయి, కాలికి మూడు మూడుగానే తగులుతాయి. ఎనిమిది అని బోర్డు పెట్టి లోపల పిల్లలకి ఏడూ అయిదూ మూడూ నేర్పడం నాకు నచ్చలేదు. అయితే ఆ శనివారం ఒక దారి చూపించింది. లెక్క మారినా, తాళం మారినా, కింద పడేది అడుగే. మా కూచిపూడిలో మొదట నేర్పేవాటిని చతురస్ర జాతి అడుగులు, తిస్ర జాతి అడుగులు అనే అంటాం. తమ్ముడు స్టెప్పు అనేదీ అదే. "అడుగు" అని రాసి పెట్టాం, కానీ అప్పటికి అదీ అయిదింటిలో ఒకటే.

ఆ అయిదు పేర్లనీ ఎలా తేల్చామో కొంచెం వివరంగా చెప్తాను, ఇలాంటి పేరు కోసం చూసేవాళ్ళకి పనికొస్తుంది. పేరు బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. అందుకని అడగలేదు, వస్తువులు చేయించాం. ద్వారకానగర్‌లో డీటీపీ షాపులో ఒక్కో పేరుకి రెండు నమూనాలు వేయించాం. ఒకటి రంగప్రవేశం ఆహ్వాన పత్రిక, పసుపు అంచుతో, "కళాభారతి ఆడిటోరియంలో" అని, కింద మా అకాడమీ పేరుతో. రెండోది నల్ల టీ షర్టు, గుండె మీద పేరు, బట్ట మీద కాదు, ఎ4 కాగితం మీద బొమ్మే. కూచిపూడి ఇంట్లో అకాడమీ పేరు గౌరవంగా కనబడాల్సింది ఆ పత్రిక మీద. సినిమా డాన్స్ కుర్రాడు ఆ పేరుని ఒంటి మీద వేసుకుని బీచ్ రోడ్డులో తిరగాలి. రెండిటి మీదా కుదిరిన పేరే మాకు కావాలి.

పది కాగితాలూ హాల్లో చాప మీద పరిచాం. పత్రికలు వాడి పిల్లలకి, టీ షర్టులు నా పిల్లలకి ముందు చూపించాం, కావాలనే తిప్పి. తర్వాత ఎవరివి వాళ్ళకి. తల్లిదండ్రులు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు వాళ్ళకీ చూపించాం. ఏ కాగితాన్ని చేతిలోకి తీసుకుంటున్నారో, దేన్ని దాటిపోతున్నారో మాత్రమే రాసుకున్నాం.

నాట్య అని మొదలయ్యే పేరున్న టీ షర్టుని 21 మందిలో ఒక్కరూ తీయలేదు. ఒక అమ్మాయి తీయబోయి పక్కనున్న వాళ్ళని చూసి వదిలేసింది. బీట్ అని ఉన్న పత్రికని ఒక తల్లి చేతిలోకి తీసుకుని, చదివి, బోర్లించి పెట్టారు. "ఎనిమిది" టీ షర్టు కుర్రాళ్ళకి తెగ నచ్చింది, పత్రిక దగ్గర మాత్రం ఒక బామ్మగారు "శుభమా అని రంగప్రవేశం చేస్తూ ఎనిమిదేమిటమ్మా, అది శని అంకె" అన్నారు. "లయ" రెండు చోట్లా బాగా పలికింది, ఎవరూ వద్దనలేదు. "అడుగు" దగ్గర మొదట ఎవరూ పెద్దగా ఆగలేదు. కానీ జాలారిపేట కుర్రాడు ఆ టీ షర్టు కాగితం తీసి, నా శిష్యురాలి చేతిలో ఉన్న అదే పేరు పత్రిక పక్కన పెట్టి, "రెండూ ఒకటే ఉన్నాయి కదా టీచర్" అన్నాడు. మిగతా నాలుగు పేర్లలో పత్రికా టీ షర్టూ పక్కపక్కన పెడితే రెండు వేరే చోట్లవి అనిపించాయి. ఇది మాత్రం ఒకే ఇంట్లోంచి వచ్చినట్టు ఉంది.

అంటే "లయ", "అడుగు" మిగిలాయి. అప్పుడు మాకు తెలిసిన లాయరు గారి దగ్గరికి వెళ్ళాం. డాన్స్ క్లాసులు ట్రేడ్‌మార్క్ లెక్కలో 41వ క్లాసులోకి వస్తాయి, విద్య, వినోదం అన్నీ అందులోనే. ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. అక్షరాలు అచ్చంగా అవే ఉన్నవి వెతికితే చాలదని, పలికితే అలాగే వినిపించేవి కూడా వెతకాలని ఆయన చెప్పి దగ్గరుండి చూపించారు. లయ అనీ, లయ ముందో వెనకో ఉన్నవనీ పేజీలకి పేజీలు వచ్చాయి. దాన్ని అక్కడితో వదిలేశాం.

"అడుగు" విషయంలో ఆయన ఒక మాట స్పష్టంగా చెప్పారు. చేసే పనినే నేరుగా చెప్పే పేరు ఎంత తేలిగ్గా అర్థమవుతుందో, దాని మీద హక్కు అంత బలహీనంగా ఉంటుంది. డాన్స్‌కి అడుగు అంటే ఇంచుమించు అలాంటిదే అని పరీక్షించే అధికారి అభ్యంతరం పెట్టవచ్చు. "డాన్స్ అకాడమీ" అనే రెండు మాటల మీద ఎవరికీ హక్కు రాదు. అందుకని ఒట్టి మాటగా కాకుండా, అక్షరాల రూపంతో కలిపి లోగోగా దరఖాస్తు చేయమన్నారు. ఆన్‌లైన్‌లో వ్యక్తి పేరు మీద వేస్తే ఒక క్లాసుకి ఫీజు 4,500 రూపాయలు. మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై ఆఫీసు కిందికి వెళ్తాయి. మా దరఖాస్తు ఇంకా పెండింగులోనే ఉంది. అందాకా పేరు పక్కన "టీఎం" పెట్టుకోవచ్చు, గుండ్రంలో "ఆర్" మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే. పేరు బలహీనమని తెలిసే తీసుకున్నాం. ఇంకెవరూ పలకని కొత్త మాట పుట్టించి ఉంటే హక్కు గట్టిగా ఉండేది, కానీ గేటు దగ్గర నిలబడ్డ ఆ తండ్రికి అదేమిటో అర్థమయ్యేది కాదు.

ఇంకో చిక్కు ఫోన్ ఎత్తాక తెలిసింది. "హలో, అడుగు" అంటే అవతలి పెద్దమనిషిని నువ్వు అని, ఏదో అడగమని చెప్పినట్టుంది. మొదటి రోజే ఒకాయన నొచ్చుకున్నారు. అప్పటినుంచి ఫోన్లో ఎప్పుడూ పూర్తిగా "అడుగు డాన్స్ అకాడమీ అండీ" అంటాం. "నాట్య అకాడమీ" అనకుండా "డాన్స్" అని ఉంచింది కూడా ఆలోచించే. మా దగ్గర కూచిపూడికి పంపే తల్లులు కూడా "పాపని డాన్స్ క్లాసులో దింపి వస్తాను" అంటారు. ఆ మాట ఎప్పుడో అందరిదీ అయిపోయింది.

పేరు తేలాక మా మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కూచిపూడి అనే మాట బోర్డు మీద ఉంటుందా?" అన్నారు. ఉంటుందండీ, సినిమా డాన్స్ అనే మాట పక్కన ఉంటుంది అన్నాను. కోప్పడతారనుకున్నాను. "పక్కన ఉంటే తప్పేముందమ్మా. వెంపటి పెదసత్యం గారు సినిమాలకి డాన్సులు కట్టినవారే. చినసత్యం గారూ మద్రాసు వెళ్ళిన కొత్తలో ఆయన దగ్గర సినిమాలకి పనిచేసినవారే. 1963లో సొంతంగా పెట్టుకున్నప్పుడు కూచిపూడి ఆర్ట్ అకాడమీ అన్నారు. ఇంగ్లీషు మాట వల్ల కూచిపూడికి తక్కువేమీ కాలేదు" అన్నారు. ఫోన్ పెట్టేశాక గమనించాను, నేను ఆయన్ని మాస్టారు అంటాను, తమ్ముడి పిల్లలు వాడిని మాస్టర్ అంటారు.

ఆఖరి తగువు కింది లైను మీద వచ్చింది. పేరు ఉమ్మడిదే అయినా, కింద ఏం నేర్పుతామో రాయాలి కదా. ముందు "క్లాసికల్, వెస్టర్న్" అని రాశాం. వెస్టర్న్ అబద్ధం, వాడు నేర్పేది మన సినిమా పాటల డాన్సు. "ఫిల్మీ" అంటే వాడి ముఖం మాడింది. క్లాసికల్ అంటే భరతనాట్యం, కథక్ కూడా ఉన్నట్టు, నాకు వచ్చింది కూచిపూడి ఒక్కటే. చివరికి ఉన్నదున్నట్టు "కూచిపూడి", "సినిమా డాన్స్" అని రాశాం. ఒకదాని కింద ఒకటి రాస్తే పైదీ కిందదీ అవుతాయి కాబట్టి పక్కపక్కన. ఏది ఎడమ పక్క అని మళ్ళీ మాట వచ్చింది. గేటుకి రెండు రెక్కలున్నాయి, బోర్డుకి రెండు వైపులూ కనబడతాయి. వీధి వైపు ఒక వరస, లోపలి వైపు రెండో వరస పెట్టాం.

పేరు మార్చినంత మాత్రాన అయిపోలేదు, బోర్డు పెట్టాక తెలిసినవే ఎక్కువ. ఫీజు రసీదు పుస్తకం మీద "మెయిన్ బ్యాచ్", "సినిమా బ్యాచ్" అని నేనే రాస్తున్నానని ఒక తల్లి చూపించేదాకా గమనించలేదు. ఇప్పుడు వేళలు రాస్తాం, అయిదు గంటల బ్యాచ్, ఆరున్నర బ్యాచ్. వార్షికోత్సవంలో ముందు కూచిపూడి అంతా అయిపోయి, తర్వాత సినిమా పాటలు పెడితే సగం మంది వాళ్ళ పిల్లలది అవగానే లేచి వెళ్ళిపోతారు. ఈసారి ఒకటి విడిచి ఒకటి పెడదామంటున్నాం. దానికి తెర వెనక ఆహార్యం మార్చుకోవడానికి వేళ చాలదు, అదింకా తేలలేదు.

బోర్డు వచ్చిన రోజు మాత్రం చెప్పాలి. పాత బోర్డు దింపి కొత్తది గేటుకి కట్టారు. పేరు తెలుగులో, కింద ఇంగ్లీషులో, ఆ కింద రెండు మాటలు. దూరం నుంచి చూస్తే నాకు "సినిమా డాన్స్" కొంచెం చిన్నగా అనిపించింది, అక్షరాలు ఎక్కువ కాబట్టి పెయింటరు నొక్కేశాడేమో అని. తమ్ముడు బాగానే ఉందిలే అక్కా అన్నాడు. నేను లోపలికి వెళ్ళి కుట్టు మిషను దగ్గర టేపు తెచ్చి, స్టూలు ఎక్కి రెండూ కొలిచాను. కూచిపూడి ఆరంగుళాలు. సినిమా డాన్స్ అయిదుంపావు. పెయింటరుని వెనక్కి పిలిచి, ఆ ముప్పావు అంగుళం తేడా సరిచేయించాక డబ్బులిచ్చాం.